ముప్పై అయిదు నిమిషాలు ఎవరి ఖాతాలో? మూడు కుటుంబాల యాత్ర బండి లెక్క

విజయవాడలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో బుకింగులూ బిల్లులూ నేనే చూస్తాను. బండి ఇచ్చేటప్పుడు ఎవరితోనూ పేచీ ఉండదు. పేచీ అంతా బండి షెడ్డుకి తిరిగొచ్చాకే, అదీ మాతో కంటే వాళ్ళలో వాళ్ళకే ఎక్కువ. నిరుడు కార్తీకంలో వెళ్ళొచ్చిన మూడు కుటుంబాల లెక్క నా చేతికే వచ్చింది. "మా మధ్య మాటలు పెరుగుతున్నాయి మేనేజరు గారూ, మీరే పంచి పెట్టండి, మీరెంతంటే అంత" అని విజయవాడ ఆయన ఫోన్ చేశాడు. పంచాను. ఏ రూపాయి ఎందుకు ఎవరి మీద పడిందో ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి తగువులు మా ఆఫీసుకి నెలకి రెండైనా వస్తాయి. అన్నిట్లోనూ జనం కిలోమీటర్ల గురించే కొట్టుకుంటారు, డబ్బు పోయేది మాత్రం వేరే చోట.

ముందు మనుషుల సంగతి. విజయవాడ వాళ్ళు భార్యాభర్తలిద్దరు. మంగళగిరి వాళ్ళు ముగ్గురు: విజయవాడ ఆయన చెల్లెలు, బావగారు, మూడో తరగతి చదివే పిల్లాడు. గుంటూరు వాళ్ళు పెద్ద దంపతులు, విజయవాడ ఆయనకి పెదనాన్న, పెద్దమ్మ. మొత్తం ఏడుగురు. డ్రైవరు కాక ఏడుగురు పట్టే ఇన్నోవా క్రిస్టా ఇచ్చాం. ఊళ్ళు కూడా వరసగా ఒకే దారిలో ఉన్నాయి కాబట్టి ఎక్కించుకోవడానికి అటూ ఇటూ తిరగక్కర్లేదు.

మాట్లాడుకున్నది నాలుగు రోజులకి. గురువారం పొద్దున 11 గంటలకి బయల్దేరి శ్రీశైలం, శుక్రవారం మహానంది మీదుగా అహోబిలం, శనివారం ఎగువ అహోబిలం చూసుకుని కడప మీదుగా తిరుమల, ఆదివారం పొద్దున దర్శనం చేసుకుని శ్రీకాళహస్తి, నెల్లూరు మీదుగా ఇంటికి. కిలోమీటరుకి 20 రూపాయలు, పన్ను అందులోనే. రోజుకి కనీసం 300 కిలోమీటర్లు. డ్రైవర్ బత్తా రోజుకి 500. టోల్, పార్కింగ్ అయినంత. బత్తా అని మేం బిల్లులో రాస్తాం గానీ డ్రైవర్లందరూ దాన్ని బేటా అనే అంటారు.

సోమవారం పొద్దున నేను పంపిన బిల్లు ఇది:

బండి తిరిగింది 1,252 కిలోమీటర్లు
బిల్లు కట్టాల్సింది 1,500 కిలోమీటర్లకి: 30,000
డ్రైవర్ బత్తా 5 రోజులు: 2,500
టోల్, పార్కింగ్: 1,500
మొత్తం: 34,000

పది నిమిషాల్లో ఫోన్ మోగింది. నాలుగు రోజులకి మాట్లాడుకుంటే అయిదు రోజులేంటి, 1,252 తిరిగితే 1,500 ఏంటి అని. అడగాల్సిన ప్రశ్నలే.

షెడ్డు గేటు దాటినప్పుడు మీటరు రాసుకుంటాం, మళ్ళీ షెడ్డులోకి వచ్చాక రాసుకుంటాం. మీ ఇంటి గుమ్మం దగ్గర మొదలై మీ గుమ్మం దగ్గర అయిపోయే లెక్క కాదిది. రోజు అంటే మాకు క్యాలెండరు రోజు, రాత్రి 12 నుంచి రాత్రి 12 దాకా. గురువారం 11 గంటలకి బయల్దేరినా గురువారం ఒక రోజే, ఆదివారం అర్ధరాత్రి దాటి పది నిమిషాలైనా సోమవారం ఇంకో రోజే. ఆ ఇన్నోవా షెడ్డులోకి వచ్చింది 12 గంటల 35 నిమిషాలకి.

కనీస కిలోమీటర్లని మేం రోజుకి రోజు విడిగా చూడం. మొత్తం రోజులకి కలిపి చూస్తాం. నాలుగు రోజులైతే 1,200, అయిదైతే 1,500. మీరు తిరిగింది అంతకంటే ఎక్కువైతే తిరిగినంతా కట్టాలి, తక్కువైతే ఆ కనీసం కట్టాలి. బండి తక్కువ తిరిగిన రోజుని ఆదివారం తిరిగిన 460 కిలోమీటర్ల పరుగు సర్దేస్తుందన్నమాట. విడివిడిగా చూసే వాళ్ళూ ఉన్నారు, వాళ్ళ దగ్గర బిల్లు ఇంకా పెరుగుతుంది. బండి మాట్లాడుకునేటప్పుడు రేటు ఇరవయ్యా పంతొమ్మిదా అని బేరమాడే బదులు ఈ ఒక్క మాట అడగడం మేలు.

ఇప్పుడు ఆదివారం ఏం జరిగిందో చూడాలి. ట్రిప్ షీటులో డ్రైవరు రాసిన టైములు, ఫాస్టాగ్ మెసేజ్‌లలో టోల్‌గేట్లు దాటిన టైములు పక్కపక్కన పెట్టుకుని చూశాను. షీటులో అయిదూ పదీ నిమిషాలు అటూ ఇటూ రాయొచ్చు, ఫాస్టాగ్ మాత్రం నిమిషంతో సహా పట్టిస్తుంది. తగువు తీర్చే ముందు యజమాని ఫోన్‌లో నుంచి ఆ మెసేజ్‌లు తెప్పించుకోవడం నాకు అలవాటు.

దర్శనం అయ్యి కొండ దిగి మధ్యాహ్నం 1 గంట 40 నిమిషాలకి తిరుపతి స్టేషన్ దగ్గర ఆగారు. అక్కడ మంగళగిరి వాళ్ళు దిగిపోయారు. ఇది ముందు అనుకున్నది కాదు. నల్లమల మలుపుల్లో వెనక సీట్లో కూర్చున్న పిల్లాడికి దోర్నాల దాటిన దగ్గర్నుంచి ఒకటే వాంతులు, అహోబిలం దారిలో మళ్ళీ అదే తంతు. ఇంకో ఏడెనిమిది గంటలు కారులో వద్దు, రైల్లో పడుకోబెట్టి తీసుకెళ్తానని ఆ తల్లి పట్టుబట్టింది. రైలు ఆలస్యం, పిల్లాడు కారులో నిద్రలో ఉన్నాడు. ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో తేలేదాకా అందరూ కారు దగ్గరే నిలబడ్డారు. బండి కదిలేసరికి 2.20. అంటే 40 నిమిషాలు.

శ్రీకాళహస్తి దర్శనం చేసుకుని నెల్లూరు పొలిమేరకి వచ్చేసరికి సాయంత్రం 6.20. అక్కడ గుంటూరు పెద్దాయన, జొన్నవాడ కామాక్షమ్మకి మొక్కు ఉంది, ఇంత దూరం వచ్చి తీర్చుకోకుండా పోతే ఎలా అన్నాడు. నెల్లూరు నుంచి జొన్నవాడ పన్నెండు కిలోమీటర్లే. వెళ్ళారు, దర్శనం చేసుకున్నారు, మళ్ళీ హైవే ఎక్కేసరికి 7.40. మీటరు మీద 28 కిలోమీటర్లు, గడియారం మీద 80 నిమిషాలు. తర్వాత ఇరవై నిమిషాలు టిఫిను. గుంటూరులో పెద్దవాళ్ళని దించేసరికి 11.30, విజయవాడలో ఇంటి ముందు 12.10, ఊరి చివర ఉన్న షెడ్డుకి 12.35.

జొన్నవాడ వెళ్ళకపోతే 11.15కి షెడ్డులో ఉండేది. స్టేషన్ దగ్గర ఆగకపోతే 11.55కి వచ్చేసేది. రెండిట్లో ఏ ఒక్కటి జరగకపోయినా సోమవారం లెక్కలోకి వచ్చేదే కాదు. విజయవాడ ఆయన స్టేషన్ గురించి అన్నాడు, మంగళగిరి ఆయన జొన్నవాడ గురించి అన్నాడు. ఎవరి లెక్క వాళ్ళకి కరెక్టే కాబట్టే మాటలు పెరిగాయి.

వాళ్ళు ముఖ్యంగా కొట్టుకుంటున్నది ఆ 28 కిలోమీటర్ల మీద. మంగళగిరి ఆయన అయితే, జొన్నవాడ వల్లే బిల్లు ఇంత పెరిగిందని గట్టిగా నమ్మాడు. అందుకని బిల్లుని మూడు రకాలుగా వేసి చూపించాను.

జొన్నవాడ వెళ్ళకుండా పన్నెండు లోపు వచ్చుంటే బండి 1,224 కిలోమీటర్లు తిరిగేది. నాలుగు రోజుల కనీసం 1,200 దాటింది కాబట్టి తిరిగినదానికే బిల్లు, 24,480. జొన్నవాడ వెళ్ళి కూడా పన్నెండు లోపు వచ్చుంటే 1,252 కిలోమీటర్లు, 25,040. అంటే మొక్కుకి అయిన కారు ఖర్చు 560 రూపాయలు. పన్నెండు దాటడంతో కనీసం 1,500 అయ్యింది, బిల్లు 30,000. మధ్యలో ఉన్న 248 కిలోమీటర్లు బండి తిరగలేదు, చక్రం కదల్లేదు, వాటికి 4,960 రూపాయలు. దానికి అయిదో రోజు బత్తా 500 కలిపితే 5,460.

అంటే వాళ్ళు 560 రూపాయల గురించి మాట్లాడుకుంటూ 5,460 గురించి మర్చిపోయారు. ఇంకో తమాషా కూడా ఉంది. ఎలాగూ అర్ధరాత్రి దాటుతుందని తేలిపోయాక ఇంకో రెండు వందల నలభై కిలోమీటర్లు పక్కదారి పట్టినా కిలోమీటర్ల ఖాతాలో ఒక్క రూపాయి పెరిగేది కాదు. కనీసం లోపల ఉన్నంతసేపు దూరం ఊరికే వస్తుంది, ఖరీదంతా టైముదే. కనీసం దాటాక కథ తిరగబడుతుంది, అప్పుడు ప్రతి మలుపూ డబ్బే. మీరు ఏ పక్కన ఉన్నారో తెలియకుండా పక్కదారి ఖర్చు ఎవరూ చెప్పలేరు.

"ముప్పై అయిదు నిమిషాలకి అయిదు వేలా బాబూ?" అని పెద్దాయన అడిగాడు. ఆ మాటకి నా దగ్గర సగం జవాబే ఉంది. ఆదివారం 460 కిలోమీటర్లు నడిపి అర్ధరాత్రి దాటాక దిగిన డ్రైవర్ని పొద్దున్నే అయిదింటికి ఇంకో బండి ఎక్కించలేం. కార్తీక సోమవారం, శివాలయాలకి బుకింగుల మీద బుకింగులు, ఆ బండి పొద్దుటి ట్రిప్పు పోయింది. రూలు ఉన్నది అందుకే. కానీ ఆ రూలు నేను వాళ్ళకి నోటితో చెప్పలేదు. బుకింగ్ స్లిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఉంది, ఎవరు చదువుతారు? డ్రైవరు కూడా చెప్పలేదు. గురువారం మాత్రం అతనే, అడవి గేట్లు రాత్రి 9కి మూస్తారు, మళ్ళీ పొద్దున 6 దాకా తియ్యరు, అంతకు ముందే దోర్నాల దాటాలి అని దారంతా తొందరపెట్టాడు. వాళ్ళు వినకుండా ఉన్నారా? టీకి కూడా ఒక్కసారే ఆగారు. అడవి గేటు గురించి చెప్పినట్టే నెల్లూరులో అర్ధరాత్రి గురించి కూడా ఒక మాట చెప్పి ఉంటే పెద్దాయన మొక్కు ఇంకోసారికి పెట్టుకునేవాడేమో, కనీసం తెలిసి వెళ్ళేవాడు.

ఇదే మా యజమానికి చెప్పాను. తిరగని కిలోమీటర్లలో సగం, 124, వదిలేశాడు. బత్తా మాత్రం తగ్గించలేదు, అది డ్రైవరుది, అతను అర్ధరాత్రి దాటాక కూడా స్టీరింగు మీదే ఉన్నాడు. దాంతో అర్ధరాత్రి ఖర్చు 2,480 కి 500 కలిపి 2,980 అయ్యింది, మొత్తం బిల్లు 31,520.

ఇక పంపకం. ముగ్గురూ మూడు పద్ధతులు చెప్పారు. విజయవాడ ఆయన, మూడు కుటుంబాలు కాబట్టి మూడు సమాన భాగాలు అన్నాడు. అలా అయితే తలా 10,507. పెద్దాయన, మేం ఇద్దరం వాళ్ళు ముగ్గురు, మనిషి లెక్కన వెయ్యండి అన్నాడు. అలా అయితే ఇద్దరున్న ఇంటికి 9,006, ముగ్గురున్న ఇంటికి 13,509. మంగళగిరి ఆయన, పిల్లాడికి సగమే, పైగా తిరుగు ప్రయాణంలో మేం లేం, రైలు టికెట్లు కూడా పెట్టుకున్నాం అన్నాడు.

నా పద్ధతి ఒకటుంది. ప్రతి ఖర్చునీ విడిగా పట్టుకుని, ఇంకో మనిషి ఎక్కితే ఇది పెరుగుతుందా అని అడుగుతాను. కిలోమీటరు రేటు పెరుగుతుంది, ఎందుకంటే నలుగురైతే చిన్న కారు సరిపోయేది, దాని రేటు తక్కువ. ఏడుగురయ్యారు కాబట్టే ఇన్నోవా కావాల్సి వచ్చింది. అందుకని బండి అద్దె సీట్ల మీద వెయ్యాలి. డ్రైవర్ బత్తా పెరగదు. చిన్న కారు డ్రైవరుకీ ఇన్నోవా డ్రైవరుకీ మా దగ్గర అదే 500, లోపల ఇద్దరున్నా ఏడుగురున్నా అంతే. టోల్ కూడా కారుకి ఒకటే రేటు, లోపల తలలు లెక్కపెట్టరు. పార్కింగూ అంతే. అవి కుటుంబాల మీద సమానంగా వెయ్యాలి. అన్నిటికీ కలిపి మనిషి లెక్క వేస్తే ఎక్కువమంది ఉన్న ఇల్లు మిగతావాళ్ళ బత్తా కూడా మోస్తుంది, అన్నిటికీ కలిపి మూడు భాగాలు చేస్తే ఇద్దరున్న ఇల్లు మూడో సీటు మోస్తుంది.

పిల్లాడి సగం టికెట్ మాట రైళ్ళనీ బస్సులనీ చూసి వచ్చింది. ఒళ్ళో కూర్చునే పసిపిల్లైతే నేను లెక్కలోకే తీసుకోను. కానీ మూడో తరగతి కుర్రాడు నాలుగు రోజులు ఒక సీట్లో కూర్చున్నాడు, ఆ సీట్లో ఇంకొకళ్ళని కూర్చోబెట్టలేం. సీటు సీటే. మంగళగిరి ఆయన ఇంకో మాట కూడా అన్నాడు, వెనక వరస మాకే వచ్చింది, వాంతులకి అదే కారణం, దానికి తగ్గింపు లేదా అని. నవ్వొచ్చింది గానీ మాట తప్పేం కాదు, మలుపుల్లో ఊపంతా వెనక వరస మీదే పడుతుంది. అయితే అది రోజూ సీట్లు మార్చుకుని సర్దుకోవాల్సింది, తర్వాత డబ్బుతో సర్దేది కాదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడని వెనకకి పంపమని ఎవరంటారు?

తిరుగు ప్రయాణం మాటే అన్నిటికంటే చిక్కు. చాలామంది దిగిన చోటితో లెక్క ఆపేయాలనుకుంటారు. కానీ ఏడుగురూ తిరుపతిలోనే దిగిపోయి రైలెక్కినా మేం విజయవాడ షెడ్డు దాకా కిలోమీటర్లు వేస్తాం, ఖాళీ బండి ఎగిరి రాదు కదా. వాళ్ళని తిరుపతి దాకా తీసుకెళ్ళినప్పుడే తిరిగొచ్చే ఖర్చు పుట్టింది. అందుకని మామూలు దారి, అంటే 1,224 కిలోమీటర్లూ, ఏడు సీట్ల మీదా వేశాను. శ్రీకాళహస్తి కూడా ఇందులోదే, తిరుపతి నుంచి నెల్లూరు వచ్చే దారిలోనే ఉంది కాబట్టి పక్కదారి కాదు. బయల్దేరే ముందే, మేం తిరుపతిలో దిగిపోతాం అని చెప్పి, ఆ మూడు సీట్లలోకి తిరుపతి నుంచి ఇంకెవరైనా చుట్టాలు ఎక్కి ఉంటే అప్పుడు వేరు, తిరుగు ఖర్చు వాళ్ళ మీదికి పోయేది. ఇక్కడ సీట్లు ఖాళీగానే వచ్చాయి. గుంటూరు వాళ్ళని ఎక్కించుకునేదాకా ఉన్న ముప్పై అయిదు కిలోమీటర్ల తేడాని కూడా నేను పట్టించుకోలేదు, షెడ్డు విజయవాడలో ఉన్నాక ఆ దూరం ఎలాగూ ఉంటుంది.

24,480 ని ఏడు సీట్లకి పంచితే సీటుకి 3,497. మామూలు నాలుగు రోజుల బత్తా 2,000, టోల్ పార్కింగ్ 1,500, కలిపి 3,500 ని మూడిళ్ళకి పంచితే ఇంటికి 1,167.

జొన్నవాడ 560 ని మొత్తం పెద్దాయన మీదే వేద్దామనుకున్నాను. వేసే ముందు విజయవాడ ఆయన్ని అడిగాను, మీరు కారులో కూర్చున్నారా, గుళ్ళోకి వెళ్ళారా అని. "వెళ్ళకుండా ఎలా ఉంటామండీ, మా ఆవిడ కుంకుమార్చన కూడా చేయించింది" అన్నాడు. అయితే రెండిళ్ళకీ చెరో 280.

మిగిలింది 2,980, అర్ధరాత్రి ఖర్చు. నిమిషాల ప్రకారం పంచొచ్చు, స్టేషన్ 40, జొన్నవాడ 80, మూడో వంతు మంగళగిరి వాళ్ళ మీద పడుతుంది. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. నేను అలా చెయ్యలేదు. స్టేషన్ దగ్గర ఆగినప్పుడు మధ్యాహ్నం రెండు, చేతిలో ఇంకా పది గంటలున్నాయి, ఆ ఆలస్యాన్ని తర్వాత ఎక్కడైనా పూడ్చుకోవచ్చు. నెల్లూరులో సాయంత్రం ఆరున్నరకి పక్కకి తిప్పినప్పుడు పూడ్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. చివరి నిర్ణయం తీసుకున్నప్పుడు మంగళగిరి వాళ్ళు రైల్లో ఉన్నారు, ఫోన్ చేసి అడిగిన వాళ్ళు కూడా లేరు. అందుకని 2,980 ని విజయవాడ, గుంటూరు ఇళ్ళ మీద చెరో 1,490 వేశాను. కారు ముందు జొన్నవాడ లాంటి చోటికి వెళ్ళి, తర్వాత రాత్రి పదింటికి ఎవరి కోసమో స్టేషన్ దగ్గర నలభై నిమిషాలు ఆగి ఉంటే నేనే దీన్ని తిప్పి రాసేవాణ్ణి.

విజయవాడ ఆయనకి ఇది పూర్తిగా నచ్చలేదు. నచ్చాలని కూడా నేననను. చెల్లెలి కుటుంబం కోసం ఎండలో నలభై నిమిషాలు నిలబడింది ఆయనే.

పైసలు సర్దితే తేలింది ఇది:

విజయవాడ వాళ్ళు: 9,930
గుంటూరు వాళ్ళు: 9,930
మంగళగిరి వాళ్ళు: 11,660

మంగళగిరి వాళ్ళకి సమాన భాగాల కంటే 1,153 ఎక్కువ పడింది, మనిషి లెక్క కంటే 1,849 తక్కువ పడింది.

ఇంకా పని మిగిలే ఉంది, ఎందుకంటే దారిలో తలా కొంత ఇచ్చారు. విజయవాడ ఆయన అడ్వాన్సు 10,000 కట్టాడు. శుక్రవారం నంద్యాల బంకులో డ్రైవరు డీజిల్‌కని మంగళగిరి ఆయన దగ్గర 5,000 తీసుకుని ట్రిప్ షీటులో రాశాడు. ఇది మామూలే, డ్రైవర్ల చేతిలో మేం మొత్తం డీజిల్ డబ్బు పెట్టి పంపం, పార్టీ దగ్గర తీసుకుని బిల్లులో తగ్గిస్తాం. మీరు చెయ్యాల్సిందల్లా ఆ కాగితం మీద అంకె పడిందో లేదో అక్కడే చూసుకోవడం. కొందరు ఫోన్‌లో డ్రైవరు నంబరుకి పంపి ఊరుకుంటారు, ఆరు నెలల తర్వాత అది ఏ ట్రిప్పుదో డ్రైవరుకే గుర్తుండదు.

చిక్కొచ్చింది పెద్దాయన ఇచ్చిన 1,000 దగ్గర. తిరుమలలో డ్రైవరు చేతిలో పెట్టి "ఖర్చులకి ఉంచుకో నాయనా" అన్నాడట. ఆయన ఉద్దేశంలో అది రెండు రోజుల బత్తా. డ్రైవరు అది ఆయన ముచ్చటపడి ఇచ్చిన డబ్బనుకున్నాడు, షీటులో రాయలేదు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఉంచుకో అన్న మాటకి రెండు అర్థాలూ వస్తాయి. డ్రైవర్ని పిలిచి అడిగితే, బేటా ఆఫీసులో ఎలాగూ ఇస్తారు కదా సార్, ఇది పెద్దాయన ఇష్టంతో ఇచ్చాడనుకున్నా అన్నాడు. నేను దాన్ని బత్తా కిందే జమ వేసి, ఆఫీసు నుంచి అతనికి 1,500 ఇచ్చాను. మర్నాడు విజయవాడ ఆయనకి సంగతి తెలిసి డ్రైవరుకి విడిగా 500 పంపించాడు, అది ఈ లెక్కలోది కాదు.

అన్నట్టు బత్తా గురించి ఇంకో ప్రశ్న కూడా వచ్చింది. మహానందిలో, అహోబిలంలో డ్రైవరు భోజనం మేమే పెట్టించాం, తిరుమలలో అందరం కలిసి అన్నప్రసాదం తిన్నాం, బత్తాలో తగ్గించరా అని. తగ్గించం. బత్తా అంటే అన్నం డబ్బు ఒక్కటే అనుకుంటారు. శ్రీశైలంలో మీరు గదిలో పడుకుంటే అతను పార్కింగులో సీటు వెనక్కి వాల్చుకుని పడుకున్నాడు. ఇల్లు వదిలి ఉన్న రాత్రికీ, పొద్దున ఎక్కడో డబ్బులిచ్చి స్నానం చేసినందుకూ అందులోంచే పోవాలి. పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టడం మీ మర్యాద, దాన్ని తీసుకొచ్చి బిల్లులో కొట్టేస్తే మర్యాదా మిగలదు, డబ్బూ పెద్దగా మిగలదు.

ఇచ్చినవి తీసేస్తే మంగళగిరి ఆయన 6,660 ఇవ్వాలి, పెద్దాయన 8,930 ఇవ్వాలి, విజయవాడ ఆయనకే 70 రూపాయలు తిరిగి రావాలి. మంగళగిరి ఆయన అదే సాయంత్రం ఫోన్‌లో వేసేశాడు. పెద్దాయనకి ఫోన్‌లో డబ్బు పంపడం అలవాటు లేదు. 8,860 మా ఆఫీసుకి పంపించి, మిగతా 70 మీ తమ్ముడి గారి అబ్బాయికి ఇవ్వండి అని చెప్పాను. ఆయన నాలుగో రోజు బస్సులో వచ్చి, కవర్లో 8,860 నాకు లెక్కపెట్టి ఇచ్చి, రసీదు వెనక "జొన్నవాడ 280, రాత్రి 1,490" అని తన చేతిరాతతో రాసుకున్నాడు. పోతూ పోతూ, ఆ 70 వాడికిప్పుడే ఇచ్చి వస్తా, ఇల్లు ఇక్కడే కదా అని ఆటో ఎక్కాడు. ఆ ఆటోకి ఎంతయ్యిందో నేను అడగలేదు.

ఆ వారమే స్లిప్పు మార్చాం. వెనక ఉన్న రూలు ముందుకొచ్చింది, పెద్ద అక్షరాల్లో: "ఫలానా తేదీ రాత్రి 12 లోపు బండి షెడ్డులో ఉండాలి, దాటితే ఇంకో రోజు." పక్కన పెన్నుతో ఇంకో అంకె కూడా రాస్తున్నాను, పార్టీని ఆఖరి ఇంటి దగ్గర ఎన్నింటికి దించితే బండి షెడ్డుకి అందుతుందో. ఈ కుటుంబానికైతే అది 11.35 అయ్యేది. డ్రైవర్లకి కూడా చెప్పాం, చివరి రోజు మధ్యాహ్నం భోజనం దగ్గర ఆ టైము ఒకసారి పార్టీకి గుర్తు చెయ్యాలని. కొందరు చెప్తున్నారు, కొందరు ఇంకా మర్చిపోతున్నారు.